గ్రూపు కలిసినా చలిజ్వరం, ఆయాసం ఎందుకు?

రక్తం ఎక్కుతుండగా మనిషికి చలి పుట్టి వణుకు మొదలైతే, మంచం పక్కన కూర్చున్నవాళ్ళకు వచ్చే మొదటి అనుమానం ఒక్కటే. గ్రూపు తప్పిందా? అనుమానం సరైనదే, ఆసుపత్రివాళ్ళు ముందుగా తేల్చాల్సిందీ అదే. వేరే గ్రూపు రక్తం పడితే రోగి ఒంట్లోని యాంటీబాడీలు దాత ఎర్రకణాలను వెంటనే పగలగొట్టడం మొదలుపెడతాయి. మూత్రం ఎర్రబడుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి, ప్రాణమే పోవచ్చు.

కానీ గ్రూపు కలిసి, క్రాస్ మ్యాచింగ్ సరిపోయి, బ్యాగు మీది నంబరు, రోగి పేరు అన్నీ సరిగ్గా ఉన్నప్పుడు కూడా చలిజ్వరం, దద్దుర్లు, ఆయాసం వస్తుంటాయి. వార్డుల్లో ఎక్కువగా కనిపించేవి ఇలాంటివే. వీటిలో ఎర్రకణాలు పగలవు. క్రాస్ మ్యాచింగ్ ప్రధానంగా చూసేది రోగి ఒంట్లో దాత ఎర్రకణాల మీద దాడి చేసే యాంటీబాడీ ఉందా లేదా అన్నది. బ్యాగులో ఎర్రకణాలతో పాటు దాత తెల్లకణాలు కొన్ని, ప్లాస్మా కొంత, అందులో దాత ప్రొటీన్లు, దాత యాంటీబాడీలు కూడా ఉంటాయి. వాటి గురించి ఆ పరీక్ష ఏమీ చెప్పదు. బ్యాగులోని ద్రవం రోగి గుండె మోయగలిగినంతేనా అన్నదీ చెప్పదు. తంటా వస్తున్నది ఇక్కడే. జ్వరం ఒక కారణంతో, దద్దుర్లు మరో కారణంతో, ఆయాసం రెండు పూర్తిగా వేరు కారణాలతో వస్తాయి. ఆ రెండు ఆయాసాల మధ్య తేడా తెలియకపోతే ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానిలో హాని చేస్తుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు వాటికే ఇస్తున్నాను.

ముందు జ్వరం సంగతి. రక్తం ఎక్కుతుండగా గానీ, అయిపోయిన నాలుగు గంటల లోపు గానీ ఒంటి వేడి ఒక సెల్సియస్ డిగ్రీ పెరిగి 38 డిగ్రీలకు, అంటే 100.4 ఫారెన్‌హీట్‌కు చేరితే, అందుకు మరో కారణం దొరకకపోతే దాన్ని ఫీబ్రైల్ రియాక్షన్ అంటారు. చాలాకాలం దీనికి ఒకే వివరణ ఉండేది. పలుమార్లు రక్తం ఎక్కించుకున్నవాళ్ళ ఒంట్లో, కాన్పులైన స్త్రీల ఒంట్లో పరాయి తెల్లకణాల మీద యాంటీబాడీలు తయారై ఉంటాయి, అవి దాత తెల్లకణాలతో తలపడినప్పుడు జ్వరం పుట్టించే రసాయనాలు విడుదలవుతాయి అని. ఆ వివరణ ఇప్పటికీ నిజమే. అయితే ప్లేట్‌లెట్లు ఎక్కించినప్పుడు, అలాంటి యాంటీబాడీలు లేనివాళ్ళకు కూడా జ్వరం వచ్చేది. అదెందుకో అంతుచిక్కలేదు.

1994లో కెనడాలో నాన్సీ హెడిల్ బృందం ఒక చక్కని ప్రయోగంతో ఆ ముడి విప్పింది. నిల్వ ఉన్న ప్లేట్‌లెట్ బ్యాగును తీసుకుని, పైన తేరిన ప్లాస్మాను ఒక భాగంగా, అడుగున ఉన్న కణాలను ఇంకో భాగంగా విడదీశారు. ఒకే రోగికి ఆ రెండింటినీ వేర్వేరుగా, ఏది ముందో ఏది వెనకో చీటీ వేసినట్టు నిర్ణయించి ఎక్కించారు. తంటా కణాలతోనే అయితే కణాల భాగం ఎక్కినప్పుడే జ్వరం ఎక్కువ రావాలి. కానీ ప్లాస్మా భాగం ఎక్కినప్పుడే వణుకు, జ్వరం ఎక్కువగా వచ్చాయి. ఆ ప్లాస్మాలో ఇంటర్‌ల్యూకిన్ల వంటి జ్వర రసాయనాలు ఎంత ఎక్కువ ఉంటే రియాక్షన్ అంత గట్టిగా ఉంది. ప్లేట్‌లెట్లను ఫ్రిజ్‌లో పెట్టరు. 20 నుంచి 24 డిగ్రీల గది వేడిలో, మెల్లగా కదిలిస్తూ, మామూలుగా ఐదు రోజుల దాకా ఉంచుతారు. ఆ వేడిలో బ్యాగులోని తెల్లకణాలు బతికే ఉండి, రోజురోజుకీ ఆ రసాయనాలను వదులుతుంటాయి. అంటే జ్వరానికి కావలసిన సరంజామా రోగి ఒంట్లోకి రాకముందే బ్యాగులో తయారై ఉంటోంది.

దీన్నుంచి ఒక పనికొచ్చే సంగతి తేలింది. తెల్లకణాలను వడపోసే ఫిల్టర్‌ను మంచం దగ్గర, ఎక్కించే గొట్టానికి తగిలిస్తే కణాలు ఆగుతాయి గానీ అప్పటికే ప్లాస్మాలో కలిసిపోయిన రసాయనాలు ఆగవు. రక్తం సేకరించిన తొలి రోజుల్లోనే, నిల్వకు పంపకముందే, బ్లడ్ బ్యాంకులో వడపోయడం దీనికి అసలు మందు. మూడు నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించుకోక తప్పని తలసేమియా పిల్లలకు ఇది ఎంత తేడా తెస్తుందో ఆ తల్లిదండ్రులకు బాగా తెలుసు. వడపోసిన రక్తం ఎక్కించిన రోజు పిల్లలు సాయంత్రానికి ఆడుకుంటూ ఇంటికి పోతారు.

ఈ జ్వరం దానంతటదే ప్రాణం తీయదు. పారాసిటమాల్‌తో తగ్గుతుంది. దీనిలో ఉన్న అసలు ప్రమాదం, ఇది మరో రెండిటిని పోలి ఉండటం. గ్రూపు తప్పినప్పుడు తొలి లక్షణం తరచు చలిజ్వరమే. బ్యాగులో బాక్టీరియా పెరిగి ఉన్నా తొలి లక్షణం అదే, గది వేడిలో ఉంచే ప్లేట్‌లెట్లలో ఆ భయం ఎక్కువ. అందుకే "కొంచెం జ్వరమేలెండి, మెల్లగా పోనిద్దాం" అనడం సరికాదు. రక్తం ఆపాలి. సూది తీయకుండా కొత్త సెట్‌తో సెలైన్ పెట్టాలి. బ్యాగు మీది వివరాలను రోగి వివరాలతో మళ్ళీ పోల్చాలి. బ్యాగును, రోగి నుంచి కొత్తగా తీసిన రక్తం శాంపిల్‌ను బ్లడ్ బ్యాంకుకు పంపాలి. మిగతావన్నీ కాదని తేలాకే ఇది మామూలు ఫీబ్రైల్ రియాక్షన్ అని రాయగలరు. చాలాచోట్ల ప్రతి బ్యాగుకు ముందు ఎవిల్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇవ్వడం ఆనవాయితీ అయిపోయింది. అందరికీ అలా ఇవ్వడం వల్ల రియాక్షన్లు తగ్గుతాయని పరీక్షల్లో రుజువు కాలేదు. ఇంతకు ముందు రియాక్షన్ వచ్చినవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకు డాక్టరు ఆలోచించి ఇవ్వవచ్చు.

దద్దుర్ల గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. దాత ప్లాస్మాలోని ఏదో ఒక ప్రొటీన్ రోగికి పడదు. రోగి ఒంట్లోని మాస్ట్ కణాలు హిస్టమిన్‌ను వదులుతాయి. దురద, ఎర్రటి దద్దుర్లు లేస్తాయి. దురద, దద్దుర్లు తప్ప ఇంకేమీ లేకపోతే రక్తం కాసేపు ఆపి, ఎవిల్ వంటి మందు ఇచ్చి, తగ్గాక అదే బ్యాగును మెల్లగా మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఆపిన బ్యాగును తిరిగి పెట్టడానికి మామూలుగా ఒప్పుకునేది ఈ ఒక్క రియాక్షన్‌లోనే. అయితే అరుదుగా ఇదే అనాఫిలాక్సిస్‌గా మారుతుంది. గొంతు బిగుస్తుంది, పిల్లికూతలు వస్తాయి, బీపీ పడిపోతుంది. అప్పుడు ఎవిల్ చాలదు. తొడ కండలో అడ్రినలిన్ ఇవ్వాలి, పెద్దవాళ్ళకు అర మిల్లీగ్రాము, ఆలస్యం లేకుండా. కొందరికి పుట్టుకతోనే ఐజీఏ అనే ప్రొటీన్ ఉండదు. వాళ్ళలో కొందరి ఒంట్లో దాని మీదే యాంటీబాడీ ఉండి, దాత ప్లాస్మాలోని ఐజీఏ తగలగానే ఒళ్ళు ఇలా తిరగబడుతుంది. అలాంటివాళ్ళకు ప్లాస్మా లేకుండా సెలైన్‌తో కడిగిన ఎర్రకణాలు ఇస్తారు.

ఇక ఆయాసం. ఇంతవరకు చెప్పిన కథల్లో దాడి చేసేది రోగి ఒళ్ళు, దెబ్బ తగిలేది దాత సరుకుకు. ట్రాలీ అనే రియాక్షన్‌లో ఇది తిరగబడుతుంది. అక్కడ ఎక్కువసార్లు దాత యాంటీబాడీలు రోగి తెల్లకణాల మీద పడతాయి. రోగి ఏదో జబ్బుతోనో ఆపరేషన్‌తోనో ఉన్నాడు కాబట్టి అతని తెల్లకణాలు అప్పటికే రెచ్చి, ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాల్లో గుమిగూడి ఉంటాయి. దాత యాంటీబాడీలు వాటిని తాకగానే అవి తమలోని విషాలను అక్కడే కక్కుతాయి. నాళాల గోడలు చిల్లులుపడి, రక్తంలోని నీరు గాలి గదుల్లోకి కారుతుంది. బ్యాగు మొదలైన ఆరు గంటల లోపే ఆయాసం, ఆక్సిజన్ పడిపోవడం, తరచు జ్వరం, బీపీ తగ్గడం కనిపిస్తాయి. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులూ తెల్లబడి ఉంటాయి. కానీ గుండె బాగానే ఉంటుంది.

అమెరికాలో మేయో క్లినిక్‌కు చెందిన పొపోవ్‌స్కీ, మూర్ 1985లో ఇలాంటి 36 మంది రోగుల వివరాలు ప్రచురించాకే వైద్యలోకం దీన్ని ఒక ప్రత్యేక జబ్బుగా గుర్తించింది. ఆ యాంటీబాడీలు దాత ఒంట్లోకి ఎక్కడి నుంచి వచ్చాయని వెతికితే జవాబు కాన్పుల దగ్గర దొరికింది. గర్భంలో బిడ్డ తండ్రి నుంచి తెచ్చుకున్న కణ గుర్తులు తల్లికి పరాయివి. వాటి మీద తల్లి ఒంట్లో యాంటీబాడీలు పుట్టి ఏళ్ళ తరబడి ఉండిపోవచ్చు. కాన్పులు పెరిగే కొద్దీ ఆ అవకాశం పెరుగుతుంది. ఆ తల్లికి వాటితో ఏ ఇబ్బందీ లేదు. ఆమె ప్లాస్మా ఎక్కించుకున్నవాళ్ళకే చిక్కు. అందుకే బ్రిటన్ 2003 చివర నుంచి రోగులకు ఇచ్చే ప్లాస్మాను వీలైనంతవరకు మగ దాతల నుంచే తీసుకోవడం మొదలుపెట్టింది. ఆ తరువాత అక్కడ ట్రాలీ కేసులు బాగా తగ్గాయి. ఆడవాళ్ళు రక్తం ఇవ్వకూడదని దీని అర్థం కాదు. వాళ్ళ ఎర్రకణాలు నిశ్చింతగా వాడుకోవచ్చు, ఎందుకంటే ప్యాక్డ్ సెల్స్ బ్యాగులో ప్లాస్మా మిగిలేది కొంచెమే.

మన ఆసుపత్రుల్లో దీనితో నేరుగా ముడిపడిన సందర్భం ఒకటుంది. బిడ్డకు రక్తం కావాలంటే తల్లి ముందుకొచ్చి "నా రక్తమే తీసుకోండి, నా బిడ్డకు నాదే పడుతుంది" అంటుంది. తండ్రి వైపు గుర్తుల మీద యాంటీబాడీలు ఉండే అవకాశం ఉన్నది ఆ తల్లిలోనే, ఆ గుర్తులు ఉన్నది ఆ బిడ్డ కణాల మీదే. తల్లి రక్తం ఎక్కించాక బిడ్డకు ట్రాలీ వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. దగ్గరి రక్తసంబంధీకుల రక్తంతో ఇంకొన్ని ప్రమాదాలూ ఉన్నాయి. ఆ తల్లి రక్తం ఇవ్వాలనుకుంటే బ్యాంకుకు ఇచ్చి, బిడ్డకు మరొకరి బ్యాగు తీసుకోవడం మేలు.

ఇప్పుడు రెండో ఆయాసం, టాకో. ఇందులో యాంటీబాడీ లేదు, ఎలర్జీ లేదు, బ్యాగులో ఏ దోషమూ లేదు. మనిషి మోయగలిగిన దానికంటే ఎక్కువ ద్రవం, ఎక్కువ వేగంగా పోయడమే కారణం. బ్రిటన్ నిఘా నివేదికల్లో కొన్నేళ్ళుగా రక్తమార్పిడి మరణాల వెనుక ముందు వరుసలో ఉన్నది ఇదే. ఆపడానికి ఎక్కువ వీలున్నదీ ఇదే. ఎలా జరుగుతుందో చూడటానికి ఒక ఉదాహరణ తీసుకుందాం.

అరవై ఏళ్ళు దాటిన ఒక అమ్మ. బరువు 40 కిలోలు. మొలల వల్ల ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా రక్తం పోయి హీమోగ్లోబిన్ 4.8కి దిగింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, కాళ్ళ వాపు. ఆసుపత్రిలో చేరగానే నీరసంగా ఉందని ఒక సెలైన్ సీసా పెట్టారు. తరువాత రెండు బ్యాగుల రక్తం రాశారు. మొదటిది గంటన్నరలో అయిపోయింది, వెంటనే రెండోది తగిలించారు. అది సగానికి వచ్చేసరికి ఆమెకు దగ్గు మొదలైంది. పడుకోలేక లేచి కూర్చుంది. బీపీ 110 నుంచి 170కి ఎక్కింది. నాడి 124. ఆక్సిజన్ 86కి పడింది. మెడ నరాలు ఉబ్బి కనబడుతున్నాయి.

ఇంట్లోవాళ్ళ ఆలోచన ఏమిటంటే, రక్తం లేని ఒంటికి రక్తమే ఎక్కించాం కదా, ఎక్కువ ఎలా అవుతుంది? ఇక్కడే చాలామంది పొరబడతారు. ప్రమాదంలో గాయపడి ఒక్కసారిగా రక్తం పోయినవాళ్ళకు నాళాల్లో ద్రవమే తగ్గిపోతుంది, వాళ్ళకు వేగంగా పోయాల్సిందే. నెలల తరబడి మెల్లగా రక్తహీనత వచ్చినవాళ్ళ సంగతి అలా కాదు. ఒళ్ళు ఆ లోటును నీటితో పూడ్చుకుంటూ వస్తుంది. గిన్నె నిండా మజ్జిగ ఉంది, పలచబడింది అంతే. ఆ పలచని రక్తంతోనే ఒంటికి ఆక్సిజన్ అందించడానికి గుండె అప్పటికే రెట్టింపు పని చేస్తూ ఉంటుంది. అలాంటి మనిషి ఒంట్లో మొత్తం రక్తం, కిలోకు 65 మిల్లీలీటర్ల చొప్పున, రెండున్నర లీటర్ల పైచిలుకు. 350 మిల్లీలీటర్లు సేకరించిన బ్యాగు నుంచి తయారయ్యే ప్యాక్డ్ సెల్స్ సుమారు 250 మిల్లీలీటర్లు. రెండు బ్యాగులంటే అర లీటరు. సెలైన్ కలిపితే లీటరు దగ్గరికి పోతుంది. గుండె తోయలేనిది వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది.

ఆమెకు సిస్టర్ రక్తం ఆపి, మంచం తల ఎత్తి కూర్చోబెట్టి, ఆక్సిజన్ పెట్టారు. డాక్టరు లాసిక్స్ ఇంజెక్షన్ ఇచ్చారు. మూత్రం బాగా పోయి, రెండు మూడు గంటల్లో ఊపిరి తేరుకుంది. ఇదే ఆయాసం ట్రాలీ అయి ఉంటే బీపీ ఎక్కేది కాదు, పడిపోయేది. మెడ నరాలు ఉబ్బేవి కావు. రక్త పరీక్షలో తెల్లకణాల సంఖ్య తాత్కాలికంగా పడిపోయి ఉండేది. నాళాల నుంచి నీరు ఊపిరితిత్తుల్లోకి కారిపోయిన ఆ మనిషికి లాసిక్స్ ఇచ్చి ఇంకా నీరు తీసేస్తే బీపీ మరింత కుంగుతుంది. ట్రాలీకి విరుగుడు మందు లేదు. ఆక్సిజన్, అవసరమైతే వెంటిలేటర్‌తో ఊపిరిని నిలబెడితే ఎక్కువమంది రెండు నుంచి నాలుగు రోజుల్లో కోలుకుంటారు. ఒక్కోసారి రెండింటి మధ్య గీత అంత స్పష్టంగా ఉండదు, టాకోలో కూడా కొందరికి జ్వరం వస్తుంది. గుండె మీద ఒత్తిడి పెరిగితే రక్తంలో పెరిగే బీఎన్‌పీ అనే పదార్థాన్ని కొలిచి, రక్తం ఎక్కించక ముందు ఉన్నదానికి ఒకటిన్నర రెట్లు దాటితే టాకో వైపు మొగ్గుతారు. కొన్నిసార్లు రెండూ కలిసే ఉంటాయి.

ఆ అమ్మకు ముందే ఏం చేయాల్సింది? ముందు సెలైన్ అవసరం లేదు. రెండు బ్యాగులు ఒకేరోజు రాయకూడదు. ఆ బరువున్న మనిషికి ఒక్క బ్యాగుతోనే హీమోగ్లోబిన్ ఒకటి, ఒకటిన్నర పెరుగుతుంది. ఆయాసం తగ్గడానికి ఆ రోజుకు అది చాలు. మర్నాడు పరీక్ష చేసి, అవసరమైతే ఇంకోటి. మిగతా లోటు ఐరన్‌తో, మొలలకు వైద్యంతో పూడ్చాలి. ఇక వేగం. ఇలాంటి రోగులకు కిలో బరువుకు గంటకు ఒక మిల్లీలీటరు చొప్పున ఎక్కించడం క్షేమం. ఆమెకైతే గంటకు 40 మిల్లీలీటర్లు. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్ అయితే నిమిషానికి 13 చుక్కలు. ఎన్ని చుక్కల సెట్టో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. జరిగిందేమిటంటే, మొదటి బ్యాగు నాలుగు రెట్లు వేగంగా పోయింది.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. ఫ్రిజ్ నుంచి తీసిన రక్తాన్ని బాక్టీరియా భయంతో నాలుగు గంటల్లో ముగించాలన్నది నియమం. గంటకు 40 అంటే నాలుగు గంటల్లో 160 మాత్రమే ఎక్కుతుంది, బ్యాగులో ఇంకా 90 మిగులుతుంది. బ్యాగు పూర్తి చేయాలన్న తొందరలో చుక్కలు పెంచడం తప్పు. మిగిలినది పారేయవచ్చు, లేదా ముందే అడిగితే సదుపాయం ఉన్న బ్లడ్ బ్యాంకులు బ్యాగును రెండు భాగాలు చేసి, ఒకటి ఇప్పుడిచ్చి, రెండోది ఫ్రిజ్‌లోనే ఉంచి తరువాత ఇస్తాయి. ముందుగా లాసిక్స్ ఇచ్చేసి రక్తాన్ని వేగంగా పోనిచ్చే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఒంట్లో ఇప్పటికే నీరు చేరినవాళ్ళకు ఆ మందు ఉపయోగమే, కానీ వేగం తగ్గించడానికి అది బదులు కాదు. డయాలిసిస్ రోగులకు అయితే రక్తాన్ని డయాలిసిస్ జరుగుతుండగానే ఎక్కిస్తే అదనపు నీటిని అప్పుడే తీసేయవచ్చు.

పక్కన కూర్చున్నవాళ్ళు డాక్టర్లు కానక్కర్లేదు. మొదటి పదిహేను నిమిషాలు మెల్లగా ఎక్కిస్తూ నాడి, బీపీ, వేడి చూడటం సిస్టర్ పని. ఆ తరువాత రోగి అదేపనిగా దగ్గుతున్నా, పడుకోలేక కూర్చుంటానంటున్నా, వణుకుతున్నా, నడుము నొప్పి అంటున్నా వెంటనే పిలవడం మీ పని. టాకో లక్షణాలు బ్యాగు అయిపోయాక పన్నెండు గంటల దాకా కూడా రావచ్చు. సాయంత్రం రక్తం ఎక్కించుకుని రాత్రికి ఇంటికి వచ్చిన ముసలివాళ్ళ విషయంలో ఇది గుర్తుంచుకోండి. పదిమందిలో ఒక్క మాట అడగడానికి మొహమాటపడకండి. "ఈ బ్యాగు ఎన్ని గంటల్లో ఎక్కాలి సిస్టర్?" అని.

రియాక్షన్ తగ్గిపోయాక బ్యాగును చెత్తలో వేసి మరిచిపోవడం మన దగ్గర తరచు జరిగే తప్పు. ఒక దాత ఇచ్చిన రక్తం ఒక్క బ్యాగుగా ఉండిపోదు. ఎర్రకణాలు ఒకరికి, ప్లాస్మా ఇంకొకరికి, ప్లేట్‌లెట్లు మరొకరికి పోతాయి. ట్రాలీ అనుమానం బ్లడ్ బ్యాంకుకు తెలిస్తే, అదే దాత ప్లాస్మా ఇంకా ఫ్రీజర్‌లో ఉంటే దాన్ని ఆపగలరు, ఆ దాతను పరీక్షించగలరు. మన దేశంలో ఇందుకోసమే 2012 డిసెంబరు 10న హీమోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది. నోయిడాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోలాజికల్స్ దాన్ని నడుపుతోంది. రియాక్షన్ల వివరాలను బ్లడ్ బ్యాంకులు దానికి పంపుతాయి. మంచం దగ్గర ఏం జరిగిందో ముందు బ్యాంకుకు తెలియాలి కదా. రోగి డిశ్చార్జి కాగితంలో కూడా ఏ రియాక్షన్ వచ్చిందో, ఏ వేగంతో, ఎన్నో బ్యాగుకో రాయించుకోండి. దద్దుర్లు వచ్చినవాళ్ళకు, ఆయాసం వచ్చినవాళ్ళకు తరువాతి బ్యాగును సిద్ధం చేసే పద్ధతే వేరుగా ఉంటుంది. ఏ ఊరి ఆసుపత్రికి పోయినా అక్కడి డాక్టరుకు ఆ కాగితం చూపించాలి.